రికమండేషన్ లెటర్‌లో కమిటీ వెతికేది

అధ్యాపక మిత్రులకు నమస్కారం.

విదేశాల్లో ఎమ్మెస్‌కు అప్లై చేసే పిల్లలు చాలామంది లెటర్ టైప్ చేయించుకునే మన దగ్గరికి వస్తారు. సంతకం పెట్టడమొక్కటే తరువాయి. నష్టం అక్కడే మొదలవుతుంది. ముగ్గురి పేర్లతో వెళ్లిన మూడు లెటర్లలోనూ అవే విశేషణాలు, అవే వాక్యాలు కనిపిస్తే, రాసింది ఒక్కరేనని అడ్మిషన్ కమిటీకి అర్థమైపోతుంది. మార్కులు రాసినా ఉపయోగం తక్కువే, అవి ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఉన్నాయి. ఆ విద్యార్థి పనిని మనం దగ్గరుండి చూశాం కదా, లెటర్‌లో రావలసింది అది.

ఉదాహరణకు, నది ఇసుకకు బదులు రోబో శాండ్‌తో కాంక్రీటు చేసిన సివిల్ విద్యార్థిని ఒకమ్మాయి ఉందనుకుందాం. "తెలివైనది, కష్టజీవి" అని రాస్తే అది ఎవరికైనా సరిపోతుంది. ఇలా రాసి చూడండి: "28 రోజుల బలం పరీక్షలో మూడు కాంక్రీటు క్యూబులకు 31, 33, 24 మెగాపాస్కల్స్ వచ్చాయి. మూడోది సగటు కంటే 18 శాతం తక్కువ. మన ప్రమాణాల ప్రకారం తేడా 15 శాతం దాటకూడదు. ఆ ఒక్క అంకెను తీసేసి మిగతా రెంటి సగటు చూపించే వీలున్నా ఆమె అలా చేయలేదు. పగిలిన క్యూబును పరిశీలించి, ఒక పక్క తేనెపట్టులా ఖాళీలుండటం చూసి, కాంపాక్షన్ సరిగా జరగలేదని గుర్తించింది. మూడు క్యూబులూ మళ్లీ పోసి, మరో 28 రోజులు ఆగింది. మొదటి ఫలితాన్ని కూడా రిపోర్టులో ఉంచింది." ఇందులో ఒక్క పొగడ్త లేదు. అయినా ఆమె నిజాయితీ, ఓపిక రెండూ తెలుస్తున్నాయి. ఇంత వివరం గుర్తుండదు కాబట్టి, విద్యార్థిని డ్రాఫ్ట్ కాకుండా ల్యాబ్ రికార్డు, ప్రాజెక్టు రిపోర్టు తెమ్మనండి.

తర్వాత పోలిక. "అత్యుత్తమ విద్యార్థుల్లో ఒకరు" అంటే ఎంతమందిలో అన్నది తేలదు. "నేను ప్రాజెక్టు గైడ్ చేసిన నలభై మందిలో మొదటి ఐదుగురిలో ఉంటుంది" అని రాయండి. అయితే అప్‌లోడ్ చేసేటప్పుడు చాలా పోర్టళ్లు రేటింగ్ పట్టిక కూడా నింపమంటాయి. నలభైలో ఐదుగురంటే పన్నెండున్నర శాతం. లెటర్‌లో అలా రాసి, పట్టికలో "టాప్ 5 శాతం" టిక్ చేస్తే రెండూ పొసగవు. అలవాటుగా అన్నిటికీ పైగడిలోనే టిక్ పెట్టినా అంతే, మన లెటర్ విలువ మనమే తగ్గించుకున్నట్టు. ఇంగ్లీషులో రాయడానికి ఆమెకు ఇంకా సాధన కావాలి అనిపిస్తే ఆ గడి ఒక మెట్టు దించండి. మిగతా గడులను నమ్మేది అప్పుడే.

అమెరికా దరఖాస్తుల్లో, లెటర్ చూసే హక్కు వదులుకుంటున్నారా అని విద్యార్థిని అడుగుతారు. వదులుకుంటే లెటర్ రహస్యంగా రాసిందని కమిటీ మరింత నమ్ముతుంది. ఆ తర్వాత మనకు మెయిల్‌లో లింకు వస్తుంది. జీమెయిల్ కాకుండా కాలేజీ మెయిల్ ఐడీ ఇవ్వండి, లింకు కనిపించకపోతే స్పామ్‌లో చూడండి. ఆ లింకును గానీ పాస్‌వర్డును గానీ విద్యార్థి చేతికి ఇవ్వవద్దు. అప్‌లోడ్ మనమే చేయాలి.