పాపిట వెడల్పు అవుతోందా? యాభై దాటిన ఆడవాళ్లకి మినాక్సిడిల్ రివ్యూ

నమస్తే అండీ, అందరూ ఎలా ఉన్నారు? ఈరోజు నా చేతిలో ఉన్నది షాంపూ కాదు, ఉల్లిపాయ నూనె అసలే కాదు, మందుల షాపులో దొరికే, జుట్టు పెరగడానికి మాడుకి రాసుకునే మినాక్సిడిల్ అనే మందు, అరవై ఎం.ఎల్. సీసా. నెలసరి ఆగిపోయాక జుట్టు పలచబడింది, ఇది వాడొచ్చా అని కామెంట్లలో చాలామంది అడిగారు. మా పిన్ని, వయసు 57, డాక్టర్ చెప్పాక ఇది మొదలుపెట్టింది, రాయడం దగ్గర్నుంచి ఫొటోలు తీయడం దాకా నేను పక్కనే ఉన్నాను కాబట్టి చూసింది చూసినట్టు చెప్తాను. ఏ కంపెనీ పేరూ చెప్పను, ఎందుకంటే లోపల మందు అదే.

ముందు అసలు ఏం జరుగుతుందో చెప్పుకుందాం. మెనోపాజ్ తర్వాత ఈస్ట్రోజెన్ తగ్గుతుంది, మగ హార్మోన్లు పెరగకపోయినా వాటి ప్రభావం ముందుకంటే ఎక్కువగా కనిపిస్తుంది, దానికి వయసూ వంశమూ తోడవుతాయి. వెంట్రుక పెరిగే కాలం కుదించుకుపోతుంది, కుదురు చిన్నదవుతుంది, రాలిన చోట మళ్లీ వచ్చేది అంతకంటే సన్నటి వెంట్రుక. అందుకే చాలామందికి దువ్వెనలో గుప్పెళ్లు గుప్పెళ్లు ఏమీ రాదు, కానీ జడ సన్నబడుతుంది, పాపిట వెడల్పవుతుంది, ఫొటోలో మాడు మెరుస్తూ కనిపిస్తుంది. దీనికే మినాక్సిడిల్.

కొనే ముందు అద్దం దగ్గర ఒక్క పని చేయండి. మధ్య పాపిట తీసి చూడండి. పాపిట వెడల్పయినా నుదుటి మీది అంచు ఎప్పటిలాగే ఉంటే అది ఈ మామూలు రకం అయ్యే అవకాశం ఎక్కువ. అలా కాకుండా నుదుటి అంచే వెనక్కి పోతోంది, అక్కడ చర్మం నున్నగా అయింది, కనుబొమలు కూడా ఊడుతున్నాయి, దురద, మంట ఉన్నాయి అంటే సీసా పక్కన పెట్టి నేరుగా చర్మ వ్యాధుల డాక్టర్ దగ్గరికి వెళ్లండి. అందులో కుదురు మచ్చబారి పూర్తిగా పోతుంది, ఆలస్యమైతే తిరిగి రాదు. నుదుటి అంచు వెనక్కి పోయే ఈ మచ్చబారే రకం గురించి 1994లో మొదట రాసింది కూడా మెనోపాజ్ దాటిన ఆడవాళ్లలో చూసే. ఇంకోటి, డెంగీయో పెద్ద జ్వరమో ఆపరేషనో అయిన రెండు మూడు నెలలకి ఒక్కసారిగా కుప్పలుగా రాలితే అది వేరే, చాలావరకు దానంతటదే సర్దుకుంటుంది.

పిన్నికి నుదురు అంచు బాగానే ఉంది. డాక్టర్ రక్త పరీక్షలు రాశారు: హిమోగ్లోబిన్, ఫెరిటిన్, థైరాయిడ్, బి12, విటమిన్ డి. ఫెరిటిన్ 12 వచ్చింది, అంటే ఒంట్లో ఐరన్ నిల్వ దాదాపు ఖాళీ. నెలసరి ఆగిపోయాక ఐరన్ ఎందుకు తగ్గుతుంది అని వదిలేయకూడదు, ఆ వయసులో తగ్గితే రక్తం ఎక్కడ పోతోందో చూడాలని కడుపు, పేగుల పరీక్షలు కూడా చేయించారు, గ్యాస్ట్రిక్ సమస్య బయటపడింది. జుట్టు కోసం వెళ్తే పొట్ట సంగతి తెలిసింది! ఒక హెచ్చరిక కూడా: బయోటిన్ మాత్రలు వేసుకుంటూ ఉంటే పరీక్షకి ముందే డాక్టర్‌కి చెప్పండి, థైరాయిడ్ రిపోర్టు తప్పుగా వచ్చే ప్రమాదం ఉంది. బయోటిన్ లోపం లేనివాళ్లకి ఆ మాత్రలతో జుట్టు పెరుగుతుందనడానికి గట్టి ఆధారమూ లేదు.

సరే, సీసా. షాపులో రెండు శాతం, ఐదు శాతం దొరుకుతాయి. రెండు శాతమైతే రోజుకి రెండుసార్లు, ఒక్కోసారి ఒక ఎం.ఎల్. పిన్నికి డాక్టర్ ఐదు శాతం, రాత్రిపూట ఒక్కసారి, ఒక ఎం.ఎల్. అని రాశారు, కాబట్టి ఒక సీసా రెండు నెలలు వస్తుంది. డబ్బా మీద మగవాళ్లకి అని రాసి ఉంటే కంగారు పడకండి, కానీ సొంతంగా మొదలుపెట్టకండి, ముఖ్యంగా గుండె జబ్బు ఉన్నవాళ్లు, బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు. ఈ మందు అసలు పుట్టిందే బీపీ మాత్రగా.

రాసే పద్ధతి మీదే సగం ఫలితం ఉంటుంది. తల పొడిగా ఉండాలి. పాపిట తీసి చుక్కలు చర్మం మీద వేయాలి, వెంట్రుకల మీద కాదు, పక్కన ఇంకో పాపిట, ఇంకో పాపిట, వేలితో మెల్లగా అద్దాలి. చేతులు కడుక్కోవాలి. పడుకునే ముందు రెండు గంటలైనా ఆరనివ్వాలి, లేకపోతే దిండుకి అంటి బుగ్గలకి చేరుతుంది, అక్కడ నూగు వెంట్రుకలు వస్తాయి. ఇంట్లో పిల్లి ఉంటే ఇంకా జాగ్రత్త, ఈ మందు పిల్లులకి విషం.

మన ఇళ్లలో అసలు గొడవ నూనె దగ్గరే. పిన్నికి మాడుకి నూనె పెట్టకపోతే రోజు గడవదు, నూనె జిడ్డు మీద మందు వేస్తే చర్మంలోకి సరిగా దిగదు. చివరికి ఒక రాజీ కుదిరింది: తలంటుకునే రోజు స్నానానికి ముందు కొబ్బరినూనె, అదీ చెవి కిందినుంచి చివర్ల దాకానే. నూనె వల్ల కొత్త కుదుళ్లు రావు, కానీ కొబ్బరినూనె వెంట్రుక లోపలికి దిగుతుంది, తలంటినప్పుడు వెంట్రుకలోని ప్రోటీన్ పోవడాన్ని తగ్గిస్తుంది. ఈ వయసులో మాడులో ఊరే జిడ్డు తగ్గుతుంది కాబట్టి జుట్టు పొడిబారి, నెరిసినవి బిరుసుగా లేచి నిలబడతాయి, ఆ గరుకుదనాన్ని మినాక్సిడిల్ బాగుచేయదు. దానికి మైల్డ్ షాంపూ, చివర్లకి కండీషనర్, వెడల్పు పళ్ల దువ్వెన చాలు. కుంకుడుకాయతో పిన్ని జుట్టు మరీ పీచులా అయింది, కాబట్టి తను మానేసింది, మీకు పడితే మీరు వాడుకోండి.

ఇప్పుడు అందరూ భయపడే భాగం. మొదలుపెట్టిన కొన్ని వారాలకి జుట్టు ఎక్కువ రాలుతుంది. పిన్నికి నాలుగో వారంలో మొదలైంది, ఫోన్ చేసి "ఉన్నది కూడా ఊడగొట్టావే" అని నన్ను తిట్టింది. పాత వెంట్రుకలు తొందరగా రాలి కొత్తవాటికి చోటిస్తున్నాయి, సాధారణంగా ఒకటి రెండు నెలల్లో తగ్గుతుంది. చాలామంది సరిగ్గా ఇక్కడే ఆపేస్తారు. కనీసం నాలుగు నుంచి ఆరు నెలలు చూడాలి, నెలకొకసారి అదే కిటికీ దగ్గర, అదే పాపిటతో ఫొటో తీయండి, అద్దాన్ని నమ్మకండి.

పిన్ని ఆరో నెల ఫొటో స్క్రీన్ మీద చూడండి. పాపిట వెడల్పు తగ్గింది, ముప్పై ఏళ్లనాటి జడైతే రాలేదు, రాదు కూడా. ఐరన్ మాత్రల వాటా ఎంతో, ఈ మందు వాటా ఎంతో విడదీసి చెప్పలేను. మధ్యలో మాడు దురద పెట్టి తెల్లటి పొట్టు రాలింది, చుండ్రు అనుకున్నాం, ద్రావణంలో ఉండే ప్రొపైలీన్ గ్లైకాల్ పడలేదని డాక్టర్ ఫోమ్ రకానికి మార్చారు, తగ్గింది. ఫోమ్ ఖరీదెక్కువ.

పెద్ద మైనస్ ఏంటంటే, ఆపేస్తే వచ్చిన లాభం కొన్ని నెలల్లో పోతుంది. రోజూ రాయడం మీవల్ల కాదనుకుంటే మొదలుపెట్టకపోవడమే నయం, అదేమీ తప్పు కాదు. జుట్టు భుజాల దాకా కత్తిరించుకుంటే ఒత్తుగా కనిపిస్తుంది, పాపిట పక్కకి మార్చొచ్చు, పెళ్లిళ్లకి తేలికపాటి సవరం పెట్టుకోవచ్చు, బరువుది బిగించి కడితే మాత్రం ఉన్న కుదుళ్లే లాగేస్తుంది. జుట్టు కోసమని హార్మోన్ మాత్రలు ఎవరైనా చెప్తే గైనకాలజిస్ట్‌ని అడగకుండా ముట్టుకోవద్దు. తక్కువ డోసు మినాక్సిడిల్ మాత్ర గురించి కూడా అడుగుతున్నారు, కాళ్ల వాపు, గుండె దడ రావచ్చు కాబట్టి అది పూర్తిగా డాక్టర్ చేతిలో పనే. మీ ఫెరిటిన్ ఎంత వచ్చిందో, నుదుటి అంచు ఎలా ఉందో కామెంట్లో రాయండి, నేను చదువుతాను.