ఉలవచారు తాగి గింజలు పారబోసేవాళ్లు ఈ వీడియో చూడాల్సిందే!

"అన్నా, జీతం రావడానికి ఇంకా ఏడు రోజులుంది, చేతిలో ఆరు వందలే ఉన్నాయి. ఇంట్లో ఇద్దరు పిల్లలతో కలిపి నలుగురం. బియ్యం, రాగిపిండి, కొంచెం కందిపప్పు, కిలో ఉలవలు ఉన్నాయి. ప్రోటీన్ కోసం చికెన్ కొనాలా, గుడ్లు కొనాలా?"

చికెన్ వద్దు తమ్ముడూ. పిల్లలకు మాత్రం డజను గుడ్లు కొను. మీ ఇద్దరికీ ప్రోటీన్ ఆ ఉలవల డబ్బాలోనే ఉంది. కానీ దాన్ని మీ ఇంట్లో పారబోస్తున్నారేమో, నా భయం అదే!

మన అనంతపురంలో ఏ ఇంట్లో చూసినా ఇదే వరస. ఉలవలు ఉడకబెడతారు, నీళ్లు వంచుకుని చారు కాచుకుంటారు. గింజలేమో? వెనకటికి ఎద్దులకు పెట్టేవాళ్లు. ఇప్పుడు ఎద్దులు లేవు కాబట్టి చెత్తబుట్టలోకి! ఎంత కోపం వస్తుందో నాకు! ఆ కట్టులోకి దిగేది కొంచెమే, ప్రోటీన్‌లో ఎక్కువ భాగం గింజలోనే ఉండిపోతుంది. ఎద్దు దుక్కి దున్నిందంటే ఆ గింజ తినే కదా దున్నింది! ఉలవలు పశువుల దాణా అని ఎగతాళి చేసేవాళ్లు దీనికి సమాధానం చెప్పాలి.

లెక్క చూడండి. వంద గ్రాముల ఉలవల్లో సుమారు 22 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. ఒక గుడ్డులో 6 గ్రాములు. మా వీధి అంగడిలో పోయిన వారం కిలో ఉలవలు 90 రూపాయలకు తెచ్చాను, గుడ్డు 7 రూపాయలు. కిలో ఉలవల్లో ఉన్నంత ప్రోటీన్ గుడ్లలో కావాలంటే దాదాపు 37 గుడ్లు, అంటే 259 రూపాయలు. గుడ్డు ప్రోటీన్ ఒంటికి ఇంకా బాగా పడుతుంది, అది నేనూ ఒప్పుకుంటాను. అందుకే పిల్లలకు గుడ్లు కొనమన్నాను. ఇక ఉలవల ప్రోటీన్‌లో తక్కువగా ఉన్న భాగం రాగుల్లో, బియ్యంలో దొరుకుతుంది. సంగటితో కలిపి తింటే ఆ లోటు చాలావరకు తీరుతుంది.

"అన్నా, ఉలవలు ఉడకవు, కడుపు ఉబ్బుతుంది" అంటారు. సగం ఉడికిన గింజ తింటే ఉబ్బకుండా ఎట్లుంటుంది? మన దగ్గర తప్పు నీళ్లతోనే మొదలవుతుంది. బోరునీళ్లలో సున్నం ఎక్కువ, ఆ నీళ్లలో గింజ మెత్తబడదు. నేనూ రెండు సార్లు గ్యాసంతా కాల్చి, రాళ్లలాంటి ఉలవలు దించుకున్నవాణ్ణే. క్యాన్ నీళ్లతో ఉడకబెట్టాక గానీ తెలిసి రాలేదు. అవి లేకపోతే చిటికెడు వంట సోడా వేయండి, అంతకు మించొద్దు. చింతపండు ముందే వేశారంటే పులుపుకు గింజ బిగుసుకుంటుంది. బాగా పాత ఉలవలైతే ఏం చేసినా గట్టిగానే ఉంటాయి.

ఇప్పుడు పని మొదలుపెడదాం. రోజుకు 200 గ్రాములు తీసుకుని, రాళ్లు ఏరి, కడిగి, రాత్రంతా నానబెట్టండి. వీలైతే నీళ్లు వంచి ఇంకో రోజు గుడ్డలో మూటకట్టండి. మొలకలొస్తే తొందరగా ఉడుకుతాయి, అరగడం కూడా తేలికే. నాలుగు గ్లాసుల నీళ్లు పోసి కుక్కర్‌లో ఏడెనిమిది విజిల్స్ రానివ్వండి. గింజను రెండు వేళ్ల మధ్య నొక్కితే లోపల పలుకు లేకుండా నలగాలి. పలుకు తగిలితే ఇంకో మూడు విజిల్స్.

కట్టు వంచి, అప్పుడు చింతపండు పిండి చారు కాచండి. సగం గింజలకు ఆవాలు, ఎండుమిర్చి, ఉల్లిపాయ తిరగమోత పెడితే సాయంత్రానికి గుగ్గిళ్లు. మిగతా సగం వేయించిన ఎండుమిర్చి, తెల్లగడ్డ, ఉప్పు, చింతపండుతో రోట్లో వేసి బరకగా నూరండి. ఆ పచ్చడి వేడి సంగటి ముద్దలో నంజుకుంటే చికెన్ గుర్తుకు రాదు, నా మాట నమ్మండి! మా అవ్వ వాన తప్పిన ఏడు బుడ్డలకు అదను పోయిందంటే, ఆ చేన్లోనే ఉలవలు చల్లించేది. ఆ ఏడంతా ఇంట్లో ఈ పచ్చడే.

ఈ లెక్కన కిలో ఉలవలు ఐదు రోజులొస్తాయి. మనిషికి రోజూ 11 గ్రాముల ప్రోటీన్ దీంట్లోనే వస్తుంది. మిగతా రెండు రోజులు ఇంట్లో ఉన్న ఆ కందిపప్పు వండుకోండి. కిడ్నీ జబ్బుకు డాక్టర్ ప్రోటీన్ తగ్గించమన్నవాళ్లు మాత్రం ఇది చేయొద్దు.

ఇక ఆరు వందలు. పన్నెండు గుడ్లకు 84, పిల్లలిద్దరికీ రోజుకొకటి చొప్పున ఆరు రోజులు. పాలు రోజూ అర లీటరు, 30 చొప్పున 210. ఆకుకూర, టమాటా, ఉల్లిపాయలకు 150. మొత్తం 444 అయింది. మిగిలిన 156 ముట్టుకోవద్దు తమ్ముడూ, ఆ వారంలో పిల్లలకు జ్వరం వచ్చినా మందులకు పనికొస్తాయి. ఈ రాత్రికే మొదటి 200 గ్రాములు నానబెట్టు.