నాకు హై ఆర్చ్, తమ్ముడికి ఫ్లాట్ ఫీట్: రెండు జతల షూ రివ్యూ

నమస్తే అండి. ముందు ఈ గచ్చు చూడండి. మా ఇంటి అరుగు ఇది, ఎర్ర గచ్చు. పక్కన చెంబుతో నీళ్లు పెట్టాను. ఒరే తమ్ముడూ, కాలు తడిపి ఒక్క అడుగు వేసి పక్కకు రా. కెమెరా కిందికి తిప్పుతున్నాను. పాదం మొత్తం అచ్చు పడింది కదా, మధ్యలో ఎక్కడా పొడి లేదు. చిన్నప్పుడు మా నాయనమ్మ వీణ్ని బాతుకాళ్లోడా అని పిలిచేది. ఇప్పుడు నాది చూడండి. మడమ దగ్గర ఒక ముద్ద, వేళ్ల దగ్గర ఒక ముద్ద, రెండింటినీ కలుపుతూ బయటి అంచున దారంలా సన్నటి తడి. వాడిది ఫ్లాట్ ఫుట్, అరికాలు చదును. నాది హై ఆర్చ్, అరికాలి వంపు ఎక్కువ. ఒకే తల్లి పిల్లలం.

ఇలా అడుగు చూసి షూ ఎంచుకోమని చెప్పే వీడియోలు బోలెడున్నాయి. అవి నమ్మే పోయినేడాది రాజమండ్రి వెళ్లి ఇద్దరికీ రెండు జతలు కొన్నాను. మొత్తం పదకొండు వేలు. ఆ రెండు జతలే ఇవాళ్టి రివ్యూ. కంపెనీ పేర్లు చెప్పను. మోడళ్లు ఎలాగూ తరచూ మారిపోతాయి, పేరు కంటే అడుగున ఏముందో తెలిస్తేనే మీకు పనికొస్తుంది.

వాడిది ఈ నల్ల జత. అడుగున లోపలి వైపు, అంటే రెండో కాలి వైపు, బూడిదరంగు ముక్క కనిపిస్తోందా? బొటనవేలితో నొక్కుతున్నాను, దిగడం లేదు. బయటి వైపు నొక్కితే దిగుతోంది. లోపలి వైపు గట్టి ఫోమ్ పెడితే పాదం లోపలికి ఒరగడం తగ్గుతుందని ఆలోచన. దీన్ని మీడియల్ పోస్ట్ అంటారు. షాపులో మాత్రం 'స్టెబిలిటీ షూ' అంటారు. నాదేమో ఈ తెల్ల జత, మడమ కింద బాగా మందంగా మెత్తని ఫోమ్. హై ఆర్చ్ పాదం గట్టిగా ఉంటుంది, దెబ్బను తట్టుకోలేదు, కాబట్టి కుషన్ ఎక్కువ కావాలన్నారు. వినడానికి సబబుగానే ఉంది కదండీ.

మా వాడు కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి ప్రిపేర్ అవుతున్నాడు, 1600 మీటర్ల పరుగు ఉంటుంది. కొత్త షూ వచ్చాక హుషారెక్కి, రోజుకు రెండు కిలోమీటర్లు తీసేవాడు రెండు వారాల్లో ఆరు కిలోమీటర్లకు ఎక్కాడు. మూడో వారానికి మోకాలికీ చీలమండకీ మధ్య, ముందెముక లోపలి అంచు వెంబడి నొప్పి. వేలితో నొక్కితే జానెడు మేర సలుపు. పరుగు మొదట్లో ఎక్కువ, ఒళ్లు వేడెక్కాక కాస్త తగ్గుతుంది. షిన్ స్ప్లింట్స్ అంటారే, అదే. మళ్లీ షాపుకు వెళ్తే "మీది ఫ్లాట్ ఫుట్ కదా సార్, ఈ షూ ఒక్కటే చాలదు" అని, లోపల గట్టి గుబ్బ ఉన్న ఇన్‌సోల్ ఒకటి అంటగట్టారు. దాంతో అరికాలు కూడా నొప్పి పెట్టింది.

ఒక రాత్రి కొబ్బరినూనె రాసుకుంటూ వాడే అన్నాడు: "అక్కా, రెండు కాళ్లూ ఫ్లాటే కదా, నొప్పి కుడికాలికే ఎందుకొస్తోంది?"

నాకు తట్టని ప్రశ్న అది. మర్నాడు పొద్దున్నే వాడి వెనకాలే బండి మీద వెళ్లాను. మా కాలువ గట్టు రోడ్డు నడుమ ఎత్తు, రెండంచులూ వాలు. వాన నీరు పోవడానికి అలాగే వేస్తారు. అప్పుడు కోతలైపోయి, రోడ్డు మీద సగం మేర ధాన్యం ఆరబోశారు. వీడు ఎడమ అంచున పడి పరిగెడుతున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు రోడ్డు దాటి, మళ్లీ తన ఎడమ అంచే పట్టుకుంటున్నాడు. అంటే పోయినా వచ్చినా నేల ఎడమకే వాలి ఉంటుంది. ఎడమకు వాలిన నేల మీద పైన పడేది కుడి పాదం. ఆ పాదానికి లోపలి అంచు పల్లంలో ఉంటుంది, అందుకని ప్రతి అడుక్కీ లోపలికి ఒరుగుతుంది. ఆ ఒరుగును పట్టి ఆపే కండరాలు ముందెముక లోపలి వైపు నుంచే కిందికి దిగుతాయి. ఆరు కిలోమీటర్లంటే ఒక్క కాలికే మూడు వేల అడుగులు వేసుకోండి. పైగా రెండు వారాల్లో దూరం మూడింతలైంది. పుట్టినప్పటి నుంచీ ఉన్న చదును పాదం మీదికి నింద తోసేశాం గానీ, కొత్తగా మారినవి దూరం, వాలు.

పది రోజులు పరుగు ఆపించాను. తర్వాత రెండు కిలోమీటర్లతో మొదలుపెట్టి, వారానికి కొంచెం కొంచెంగా పెంచాడు. పోయేటప్పుడు ఏ అంచున వెళ్లాడో, వచ్చేటప్పుడూ అదే అంచున రమ్మన్నాను. అప్పుడు వాలు ఒకసారి ఈ కాలికి, ఒకసారి ఆ కాలికి వస్తుంది. ఒక దారిలో బండ్లకు వీపు పెట్టాల్సి వస్తుంది కాబట్టి బాగా తెల్లారాకే వెళ్తాడు. ఇన్‌సోల్ తీసేశాం. ఆరో వారానికి నొప్పి పోయింది. షూ అదే, పాదమూ అదే.

మరి ఫ్లాట్ ఫుట్ సంగతి పట్టించుకోనక్కర్లేదా అంటే, అది ఎలాంటి ఫ్లాట్ ఫుట్టో చూడాలి. తమ్ముడూ, గోడకు చెయ్యి ఆనించి మునివేళ్ల మీద లే. వెనక నుంచి చూపిస్తాను. నిలబడినప్పుడు లేని వంపు ఇప్పుడు లేచింది కదా? మడమ కూడా లోపలికి తిరిగింది. అంటే ఇది మెత్తటి చదును. బరువు పడితే వంగుతుంది, లేస్తే తిరిగొస్తుంది. నొప్పి లేకపోతే దీనికి ఏ మందూ ఏ గుబ్బా అక్కర్లేదు. మునివేళ్ల మీద లేచినా వంపు రాకపోతేనో, ఒంటికాలి మీద లేవలేకపోతేనో, చీలమండ లోపలి ఎముక వెనక వాపు ఉంటేనో మాత్రం షూ షాపు మాని ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లండి. అలాగే ముందెముక మీద నొప్పి జానెడు మేర కాకుండా ఒక్క వేలితో చూపించగలిగేంత చోటే ఉండి, రాత్రిళ్లు పడుకున్నా పోటు పెడితే పరుగు వెంటనే ఆపాలి. అది ఎముకలో సన్నని చీలిక కావచ్చు.

అడుగు అచ్చును బట్టి షూ ఇస్తే ఏమవుతుందో అమెరికా సైన్యం తన కొత్త రిక్రూట్ల మీదే చూసింది. ఆర్మీ, ఎయిర్‌ఫోర్స్, మెరైన్స్, మూడు చోట్లా. సగం మందికి పాదాన్ని బట్టి షూ ఇచ్చారు, మిగతా సగానికి పాదం ఏదైనా ఒకే రకం స్టెబిలిటీ షూ. 2009, 2010లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. గాయాలవడంలో రెండు గుంపులకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. అలాగని ఆ గట్టి ముక్క దండగని నేను అనను. 2016లో లగ్జెంబర్గ్‌లో 372 మంది మీద చేసిన పరీక్షలో, పాదం లోపలికి ఒరిగేవాళ్లకు అలాంటి షూతో గాయాలు తగ్గాయి. కాబట్టి మా వాడి నల్ల జత తప్పుడు కొనుగోలేమీ కాదు. నొప్పిని అది ఆపుతుందని అమ్మారే, తప్పు అక్కడుంది.

ఇప్పుడు నా తెల్ల జత. వేసుకోగానే దూది మీద నడిచినట్టుంది, అబద్ధం ఎందుకు. నాలుగో రోజు గట్టు మీద కంకర రాయి తగిలి చీలమండ బయటికి బెణికింది. హై ఆర్చ్ పాదం నేలను ఆనేదే తక్కువ, సహజంగానే బయటి అంచు మీదికి వాలుతుంది. దాని కింద ఎత్తుగా, మెత్తగా ఉండి, అడుగు భాగం వెడల్పు తక్కువగా ఉన్న ఫోమ్ పెడితే పీట మీద పీట వేసి నిలబడ్డట్టే.

అసలు ఈ కుషన్ చేసే పనేంటి? చిన్న పరీక్ష చేయండి. ఈ అరుగు మీద నుంచి కిందికి దూకితే మోకాళ్లు వాటంతట అవే వంగుతాయి. మంచం మీద నుంచి పరుపు మీదికి దూకండి, అంతగా వంగవు. కింద మెత్తగా ఉందని తెలిస్తే ఒళ్లు కాలిని బిగదీసుకుంటుంది. షూలోనూ ఇదే జరుగుతుంది. మెత్తటి ఫోమ్ కొంత దెబ్బ మింగుతుంది, కాలు బిగుసుకుని అందులో కొంత వెనక్కి తెచ్చుకుంటుంది. పైగా పరుగులో పెద్ద బరువు పడేది మడమ నేలను తాకిన క్షణంలో కాదు. పాదం పూర్తిగా ఆనాక, ఒళ్లు దాని మీదుగా దాటేటప్పుడు రెండు, రెండున్నర రెట్ల బరువు పడుతుంది. నా 52 కిలోలకు అది 130 కిలోల దాకా. ఆ సమయానికి ఫోమ్ అప్పటికే అణిగిపోయి ఉంటుంది. మడమ తాకినప్పటి మొదటి కుదుపును ఫోమ్ నెమ్మది చేస్తుంది, తర్వాతి పెద్ద బరువును దాదాపు ఏమీ తగ్గించదు.

అయితే కుషన్ ఉత్తదేనా? కాదండి, నన్ను ఆశ్చర్యపరిచింది ఇదే. అదే లగ్జెంబర్గ్ బృందం 848 మందికి చూడ్డానికి ఒకేలా ఉండే షూ ఇచ్చింది, కొన్ని మెత్తనివి, కొన్ని గట్టివి. ఎవరిది ఏదో వాళ్లకు చెప్పలేదు. 2020లో ఫలితం వచ్చింది. మెత్తటి షూ వేసుకున్నవాళ్లకు గాయాలు తక్కువే, కానీ ఆ లాభం కనిపించింది బరువు తక్కువున్నవాళ్లలో. బరువు ఎక్కువున్నవాళ్లలో తేడా కనబడలేదు. షాపులో దీనికి తలకిందులుగా చెప్తారు, లావుగా ఉంటే మెత్తటిది తీసుకోండని.

అంటే నాకు కుషన్ పనికొచ్చేదే, కాకపోతే ఇంత ఎత్తు, ఇంత సన్నటి అడుగు వద్దు. అందుకే మూడో జత కొన్నాను, ఇదిగో. ఫోమ్ మోస్తరు మెత్తన, అడుగు వెడల్పు. హై ఆర్చ్ వాళ్లు ఏది తీసుకున్నా, లోపలి వైపు గట్టి ముక్క ఉన్న షూ మాత్రం తీసుకోకండి. బయటికి వాలే పాదాన్ని అది ఇంకా బయటికి తోయొచ్చు. ఇంకో చిక్కు మీగాలు. మాలాంటివాళ్లకు మీగాలు ఎత్తు, లేసు బిగిస్తే అక్కడ మొద్దుబారుతుంది. ఇలా చేయండి: నొప్పి వచ్చే చోట లేసును అడ్డంగా దాటించకుండా, అదే వైపు పై కన్నంలోకి నిలువుగా ఎక్కించండి, ఆ పైన మళ్లీ మామూలుగా దాటించండి. మీగాలి మీద లేసు ఉండదు, మడమ మాత్రం జారదు.

షాపులో చేయాల్సిన పని ఒకటుంది. సాయంత్రం వెళ్లండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. షూ వేసుకుని ఒంటికాలి మీద నిలబడి మోకాలు కొద్దిగా వంచండి. వెనక మనవాళ్లెవరినైనా ఫోన్‌తో వీడియో తీయమనండి. మడమ కింద ఫోమ్ ఒక పక్కకే నలిగి, షూ ఒరిగితే ఆ జత వద్దు. మీది ఫ్లాట్ ఫుట్ అయినా, హై ఆర్చ్ అయినా. తర్వాత షాపు బయట కాసేపు పరిగెత్తనివ్వమని అడగండి. ఎక్కడైనా ఒత్తితే అది తర్వాత సర్దుకుంటుందని ఎవరు చెప్పినా నమ్మకండి. పాత షూ మడమ బయటి మూల అరిగిందని చూపించి ఏదో లోపం అంటారు. దాదాపు అందరికీ అక్కడే అరుగుతుంది.

మన కోనసీమ తేమలో ఇంకో తలనొప్పి ఉంది. వానకి తడిసిన షూని డాబా మీద ఎండలో పెట్టేస్తాం. ఆ వేడికి ఫోమ్, జిగురు రెండూ పాడవుతాయి. ఇన్‌సోల్ బయటికి తీసి, లోపల పేపరు కుక్కి, ఫ్యాన్ కింద పెట్టండి. పేపరు రెండుసార్లు మార్చాలి. వాడి నల్ల జత ఇప్పటికి 410 కిలోమీటర్లు తిరిగింది, షూ నాలిక మీద పెన్నుతో రాసుకుంటున్నాడు. అడుగున పక్కల చూడండి, ఫోమ్ మీద అడ్డంగా సన్నటి ముడతలు పడ్డాయి, నొక్కినా విచ్చుకోవడం లేదు. కుడిదీ ఎడమదీ ముడతలు ఇప్పుడు ఒకేలా ఉన్నాయి.