ఏడో వరుస: దిద్దిన తప్పు మళ్లీ రాకుండా

[తెర మీద: ఒకే పేరా ఉన్న రెండు కాగితాలు పక్కపక్కన. ఒక మాట కింద ఎర్రగీత.]

నమస్కారం. శ్రీకాకుళంలో మేము పొందూరు ఖాదీ మీద ఒక చిన్న పుస్తకం తయారుచేశాం. ఎడమవైపున్నది దాని మూడో ప్రతి. "పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు" అని ఉంది. కుడివైపున్నది ఐదో ప్రతి. అందులో "చేప ముళ్లతో" అని ఉంది. మొదటి ప్రతిలో మేము చేసిన తప్పు అదే.

నూలు వడికే పెద్దావిడ ఒకరు ఆ పేరా చదివించుకుని విన్నారు. "ముల్లు కాదు బాబూ, దవడ. దాని సన్నటి పళ్లే దూదిని శుభ్రం చేస్తాయి" అని చెప్పి దిద్దించారు. నాలుగో ప్రతిని కుదిస్తూ మాలో ఒకరు తన దగ్గరున్న, ఇంకా దిద్దని రెండో ప్రతిలోని పేరా తెచ్చి అతికించారు. ఆవిడ మాట ఎక్కడా రాసి లేదు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఐదో ప్రతి వినిపించినప్పుడు "అప్పుడే చెప్పాను కదా" అన్నారావిడ. ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది.

[తెర మీద: పట్టికలో ఏడో వరుస.]

ఆ రాత్రే ఈ పట్టిక మొదలుపెట్టాం. ఎవరు ఎప్పుడు చెప్పారు, వారి మాటల్లోనే ఏమడిగారు, మేము ఏం నిర్ణయించాం, ఎందుకు, ఏ ప్రతిలో మార్చాం. పేజీ నంబరు రాయం. రెండు వాక్యాలు తీసేస్తే పేజీలు జరిగిపోతాయి. దానికి బదులు చివరి గడిలో రెండు మాటలు రాస్తాం: ఉండాల్సినది "దవడ", ఉండకూడనిది "చేప ము".

సగం మాట ఎందుకంటే, "ముల్లు" అని వెతికితే "ముళ్లతో" దొరకదు. తెలుగులో బహువచనం, విభక్తి చేరితే మాట రూపమే మారిపోతుంది. మారని భాగాన్నే వెతకాలి. కలిపి "చేపముల్లు" అని రాసి ఉంటే ఇదీ దొరకదు. అందుకని "చేపము" అని కూడా ఒకసారి వెతుకుతాం.

[తెర మీద: పంతొమ్మిదో వరుస.]

తర్వాత ఇంకొకరు "ముల్లు అంటేనే పిల్లలకు అర్థమవుతుంది" అన్నారు. పట్టిక లేకపోతే మార్చేసేవాళ్లమే. దీన్ని కొత్త వరుసగా రాసి, పక్కన "ఏడో వరుస చూడండి" అని చేర్చాం. పాత నిర్ణయాన్ని మార్చాలంటే ముందు ఆ పెద్దావిడను అడగాలి. అడిగాం. దవడ బొమ్మ వేస్తే పిల్లలకూ తెలుస్తుందన్నారు. బొమ్మ వేశాం, మాట మార్చలేదు.

వెతికితే దొరకని కోరికలూ ఉంటాయి. "వడకడం గురించి ముందు చెప్పి, నేత గురించి తర్వాత చెప్పండి" అన్నదానికి వెతకాల్సిన మాటేమీ ఉండదు. అలాంటి వరుసల పక్కన "చదివి చూడాలి" అని రాసి, ఆ ప్రతిని దిద్దని మనిషి చేత చదివిస్తాం.

[తెర మీద: ఆరో ప్రతి. వెతికే గడిలో "చేప ము". ఫలితాలు సున్నా.]

ఏ ప్రతి అయినా బయటికి వెళ్లే ముందు మొదటి వరుస నుంచి చూసుకుంటూ వస్తాం. ఏడో వరుస పక్కన ఇప్పుడు "ఆరో ప్రతి, సరిగా ఉంది" అని రాస్తున్నాను.