ఎక్స్‌పోర్ట్ ఎక్కడ ఆగింది? పెళ్లి వీడియో ఎడిటింగ్‌లో తప్పు వెతికే పద్ధతి

[తెరపై: ఎడిటింగ్ టైమ్‌లైన్, 61 శాతం దగ్గర ఆగిపోయిన ఎక్స్‌పోర్ట్]

నమస్కారం. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు పెళ్లి వీడియోలు చేసేవాళ్ల దగ్గరి నుంచి తరచూ వచ్చే ప్రశ్న ఇది. "అన్నా, రెండు గంటల ప్రాజెక్ట్, ఎక్స్‌పోర్ట్ మధ్యలో ఆగిపోతోంది, ఏం చేయాలి?" నేను ముందు అడిగేది కంప్యూటర్ గురించి కాదు. ఎక్కడ ఆగింది, మళ్లీ పెడితే అక్కడే ఆగిందా అని అడుగుతాను. సగం జవాబు అందులోనే దొరుకుతుంది.

ఇక్కడ డావిన్సీ రిజాల్వ్‌లో చూపిస్తున్నాను. ముందుగా ప్లేబ్యాక్ ఆగి ఆగి రావడం గురించి.

[తెరపై: వ్యూయర్ పైన ఎఫ్‌పీఎస్ అంకె, పక్కన ఎర్ర చుక్క]

ఈ చుక్క ఎర్రగా మారితే సిస్టమ్ సమయానికి ఫ్రేమ్‌లు అందించలేకపోతోందని అర్థం. మీ వీడియో పాడైందని కాదు. అనుమానం ఉంటే ఆ ఒక్క నిమిషం ఎక్స్‌పోర్ట్ చేసి చూడండి. అందులో సాఫీగా ఉంటే ఇబ్బంది ప్లేబ్యాక్‌దే. మీడియా పూల్‌లో క్లిప్ మీద రైట్ క్లిక్ చేసి `Generate Proxy Media` ఇవ్వండి, ప్రాక్సీలు అంటే తేలికైన నకలు ఫైళ్లు తయారై ఎడిటింగ్ తేలికవుతుంది. కానీ ప్రాక్సీలతో ఎక్స్‌పోర్ట్ బాగుపడుతుందని అనుకోవద్దు. మామూలుగా ఎక్స్‌పోర్ట్ అసలు ఫైళ్ల నుంచే జరుగుతుంది, జరగాలి కూడా. డెలివర్ పేజీలో `Use proxy media` టిక్ పెడితే బొమ్మ నాణ్యత పడిపోతుంది.

ఎక్స్‌పోర్ట్ ఫైల్లో కూడా కుదుపు ఉంటే, అదీ చుట్టాలు ఫోన్‌లో తీసిన క్లిప్‌లలోనే ఉంటే, కారణం ఫ్రేమ్ రేట్. ఫోన్ సుమారు 30 ఫ్రేమ్‌లు తీస్తుంది, టైమ్‌లైన్ 25. సెకనుకు ఐదు ఫ్రేమ్‌లు వదిలేయాల్సి వస్తుంది, కెమెరా పక్కకు తిప్పినప్పుడు అది కంటికి తెలుస్తుంది. పైగా చాలా ఫోన్లలో ఆ 30 కూడా స్థిరంగా ఉండదు.

ఇప్పుడు అసలు విషయం. ఒక ఉదాహరణ తీసుకుందాం. 140 నిమిషాల పెళ్లి, 4కే టైమ్‌లైన్, 4 జీబీ మెమరీ ఉన్న గ్రాఫిక్స్ కార్డ్. ప్రతిసారీ 61 శాతం దగ్గరే ఆగుతోంది. అంటే దాదాపు 85వ నిమిషం.

[తెరపై: టైమ్‌లైన్‌లో 80 నుంచి 90 నిమిషాల ముక్క ఎంపిక]

మొత్తం మళ్లీ పెట్టి గంటలు పోగొట్టుకోవద్దు. 80వ నిమిషం దగ్గర `I`, 90 దగ్గర `O` నొక్కి ఆ పది నిమిషాలే ఎక్స్‌పోర్ట్ చేయండి. ఆగితే దాన్ని సగం చేయండి, ఆగిన సగాన్ని మళ్లీ సగం చేయండి. నాలుగైదు సార్లలో తప్పు చేస్తున్న క్లిప్ చేతికి చిక్కుతుంది. ఇక్కడ చిక్కింది రాత్రి ఊరేగింపు షాట్. చీకటిలో తీసింది కాబట్టి ఎడిటర్ టెంపోరల్ నాయిస్ రిడక్షన్ గట్టిగా పెట్టారు. ఆ ఎఫెక్ట్ ఒక్క ఫ్రేమ్‌తో సరిపెట్టుకోదు, ముందూ వెనకా ఫ్రేమ్‌లను కూడా గ్రాఫిక్స్ మెమరీలో ఉంచుకుని పోల్చుకుంటుంది. 4కేలో అది 4 జీబీకి మించిపోతుంది. "Your GPU memory is full" అని వచ్చేది అందుకే.

పెళ్లివారికి ఇచ్చేది ఫుల్ హెచ్‌డీ అయితే ముందు టైమ్‌లైన్‌ను 1080కి దించండి. పిక్సెల్స్ నాలుగో వంతుకు తగ్గుతాయి, చాలాసార్లు ఇదే చాలు. 4కే తప్పనిసరి అయితే నాయిస్ రిడక్షన్‌లో ఫ్రేమ్‌ల సంఖ్య తగ్గించి, ఆ ఒక్క క్లిప్‌కి `Render in Place` ఇవ్వండి. డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్ ఫైల్‌గా తయారై టైమ్‌లైన్‌లో కూర్చుంటుంది, చివరి ఎక్స్‌పోర్ట్‌లో ఆ బరువు మళ్లీ మోయక్కర్లేదు.

ఒక్కోసారి ఒక్కోచోట ఆగితే క్లిప్‌లను అనుమానించకండి. వేడి, నిండిపోయిన సీ డ్రైవ్, కరెంటు చూడండి. టాస్క్ మేనేజర్‌లో జీపీయూ ఉష్ణోగ్రత కనిపిస్తుంది. అది పెరిగిన కాసేపటికే ఎక్స్‌పోర్ట్ ఆగుతుంటే ఫ్యాన్‌లో దుమ్ము తీయించండి.

[తెరపై: పెన్ డ్రైవ్ ప్రాపర్టీస్, FAT32]

ఇక మూడోది. ఎన్నిసార్లు పెట్టినా ఫైల్ 4 జీబీ దగ్గరే ఆగుతుందా? టీవీలో చూసుకోవడానికి పెళ్లివారు ఇచ్చిన పెన్ డ్రైవ్‌లోకే నేరుగా ఎక్స్‌పోర్ట్ చేస్తున్నారేమో చూడండి. `FAT32`లో ఒక ఫైల్ 4 జీబీ దాటలేదు. సెకనుకు 20 మెగాబిట్ల బిట్‌రేట్ పెడితే సుమారు 28 నిమిషాలకే ఆ హద్దు వచ్చేస్తుంది. డ్రైవ్‌లో 50 జీబీ ఖాళీ ఉన్నా లాభం లేదు.

ఎప్పుడూ ముందు కంప్యూటర్ డిస్క్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేసి, తర్వాత కాపీ చేయండి. పెన్ డ్రైవ్‌ను `exFAT`గా ఫార్మాట్ చేస్తే పెద్ద ఫైల్ పడుతుంది, కానీ లోపల ఉన్నవన్నీ పోతాయి, వాళ్లను అడిగే చేయండి. వాళ్ల ఇంట్లో పాత టీవీ ఉండి `exFAT` చదవకపోతే `FAT32`నే ఉంచి, వీడియోను 25 నిమిషాల భాగాలుగా ఇవ్వండి. ఎక్కడ పడితే అక్కడ కోయకుండా స్నాతకం, జీలకర్ర బెల్లం, తలంబ్రాలు అని ఘట్టం ముగిసిన చోట కోయండి.