మా మేనల్లుడి మూడు బ్యాటరీలు

అందరికీ నమస్కారం. ప్రిన్సిపాల్ గారికి, టోర్నమెంట్ నడిపిన పిల్లలకి, నన్ను పిలిచిన సార్‌కి థ్యాంక్స్. బహుమతులిచ్చి ఐదు నిమిషాలు మాట్లాడితే చాలన్నారు. ఐదు నిమిషాల్లో ముగించడం నా వల్ల కాదని ఆయనకి ముందే చెప్పాను, కాబట్టి తప్పు నాది కాదు.

విజయవాడలో నాది సెల్‌ఫోన్ రిపేర్ షాపు. రెండు గంటలుగా మీ ఫైనల్స్ చూస్తూ కూర్చున్నాను. ఎవరు ఎవర్ని కాల్చారో నాకు అర్థం కాలేదు గానీ, ఒకటి మాత్రం లెక్కపెట్టాను. పదహారు ఫోన్లలో పదకొండు ఛార్జర్ పెట్టే ఆడారు. అందులో ఎన్ని 100 శాతం దగ్గర ఉన్నాయో కూడా చూసొచ్చాను. తొమ్మిది. నేను ఇక్కడికి వచ్చింది ఆ తొమ్మిది ఫోన్ల గురించి మాట్లాడటానికే, బహుమతులు ఒక వంక.

మా అక్క కొడుకు కథ చెప్తాను. వాడు హాస్టల్లో ఉంటాడు, రోజూ నాలుగు గంటలకి తక్కువ కాకుండా ఆడతాడు. కొత్త ఫోన్, 67 వాట్ల ఛార్జర్ బాక్సులోనే వచ్చింది. పది నెలలకే షాపుకొచ్చి, "మావయ్యా, ఫోన్ టేబుల్ మీద పెడితే ఊయలలా ఊగుతోంది" అన్నాడు. చేతిలోకి తీసుకుని చూస్తే బ్యాక్ ప్యానెల్ ఒక పక్క లేచి, గోరు దూరేంత సందు ఉంది. బ్యాటరీ ఉబ్బింది. తీసి కొత్తది వేసి, ఇలా ఉబ్బినప్పుడు ప్యానెల్ నొక్కి మూయొద్దు, ఛార్జింగ్ అసలు పెట్టొద్దు అని చెప్పాను. లోపల గ్యాస్ ఉంటుంది, చిల్లు పడితే మంటే. ఈ ముక్క మీరూ గుర్తుపెట్టుకోండి.

వాడు తేల్చుకున్నదేమిటంటే, తప్పంతా ఫాస్ట్ ఛార్జర్‌దని. ఆ 67 వాట్లది అటక మీద పడేసి, ఇంట్లో పాత ఫోన్‌తో వచ్చిన 10 వాట్లది తీసుకుపోయాడు. మీలో చాలామంది తలలూపుతున్నారు, మీరూ అదే చేశారన్నమాట. ఏడాది తిరక్కుండానే రెండో బ్యాటరీ కూడా ఉబ్బింది. నాకు కోపం వచ్చిన మాట నిజం. నేను వేసిన బ్యాటరీ డూప్లికేట్ అని మా అక్క అన్నది చూడండి, అది ఇంకా మండుతోంది. అది ఒరిజినల్, బిల్లు ఇప్పటికీ నా దగ్గర ఉంది.

సరే, ఆ గొడవ పక్కన పెడదాం. రెండోసారి వాడి ఫోన్‌ని ఉబ్బిన బ్యాటరీ మార్చాక కూడా తిరిగివ్వలేదు. వాడు ఆడే పద్ధతిలోనే షాపులో కూర్చోబెట్టి ఆడించాను. 10 వాట్ల ఛార్జర్ పెట్టి, వెనక మందపాటి కేసుతో, కాళ్ల మీద దిండు, దిండు మీద ఫోన్. గంటన్నరకి కంప్యూటర్‌కి తగిలించి ఈ కమాండ్ కొట్టాను. వెనక స్క్రీన్ మీద కనిపిస్తోందా?

```
adb shell dumpsys battery
```

అందులో మనకి కావలసినవి ఈ మూడు లైన్లే:

```
level: 100
voltage: 4431
temperature: 438
```

438 అంటే డిగ్రీలో పదో వంతుల్లో లెక్క, అంటే 43.8 డిగ్రీలు. వోల్టేజ్ 4.43. నిండా నిండిన బ్యాటరీ, దాని మీద జ్వరం. అసలు బ్యాటరీని తినేది ఈ రెండూ కలవడమే. లిథియం బ్యాటరీ లోపల ఎలక్ట్రోడ్ మీద ఒక పల్చటి పొర ఉంటుంది. అది ఎప్పుడూ కొద్దికొద్దిగా పెరుగుతూ, లిథియంని మింగుతూ ఉంటుంది. వాడినా పెరుగుతుంది, వాడకపోయినా పెరుగుతుంది. నిండుగా ఉండి వేడిగా ఉంటే మాత్రం చాలా వేగంగా పెరుగుతుంది, ఎలక్ట్రోలైట్ కూడా చెడి గ్యాస్ తయారవుతుంది. పది డిగ్రీలు పెరిగితే పాడయ్యే వేగం దాదాపు రెట్టింపని ఒక మోటు లెక్క.

ఇప్పుడు చిన్న ఛార్జర్ ఏం చేసిందో చూడండి. ఆట సుమారు 5 వాట్లు తింటుంది, మిగిలిన 5 వాట్లతో బ్యాటరీ మెల్లగా ఎక్కుతుంది. త్వరగా ఎక్కదు కాబట్టి వాడు సాయంత్రమంతా వైరు తియ్యలేదు. ఆట వేడి, ఛార్జింగ్ వేడి కలిసి గంటల తరబడి. అదే 67 వాట్లదైతే, ఆట ఆపి, కేసు తీసి, గచ్చు మీద పెడితే 20 నుంచి 80కి అరగంట లోపే ఎక్కేది. ఫాస్ట్ ఛార్జర్ మొదట్లో గట్టిగా తోస్తుంది, నిండే కొద్దీ తనే తగ్గించుకుంటుంది, అందుకే చివరి ఇరవై శాతానికి అంత సేపు. ఆ కాసేపటి వేడి పెద్ద విషయం కాదు. అన్నం తినేటప్పుడు పెట్టుకోండి, చేతికి అడ్డు రాదు. ఆ టైంలో ఫోన్ ముట్టుకోకపోవడమే కష్టం, నాకు తెలుసు.

సైకిల్ లెక్క కూడా చెప్పేస్తాను. 5000 ఎంఏహెచ్ బ్యాటరీలో సుమారు 19 వాట్-అవర్ ఉంటుంది. 5 వాట్లు తినే ఆట నాలుగు గంటలు ఆడితే బ్యాటరీ మొత్తం ఖాళీ, అంటే రోజుకి ఒక సైకిల్. రెండు విడతల్లో యాభై, యాభై వాడినా అదీ ఒక సైకిలే. 2025 జూన్ నుంచి యూరప్‌లో అమ్మే ఫోన్లకి 800 సైకిళ్ల తర్వాత కూడా 80 శాతం నిలవాలని రూల్. మీ లెక్కన ఆ 800 రెండేళ్ల రెండు నెలల్లో అయిపోతాయి. మా అమ్మ ఫోన్‌కి ఆరేళ్లు పట్టొచ్చు.

అందుకే ఆడేవాళ్లకి పనికొచ్చేది బైపాస్ ఛార్జింగ్. కరెంటు బ్యాటరీలోకి పోకుండా నేరుగా ఫోన్‌కే పోతుంది. శాంసంగ్‌లో గేమ్ బూస్టర్‌లో Pause USB Power Delivery అని ఉంటుంది, పీడీ ఛార్జర్ కావాలి. సోనీ ఎక్స్‌పీరియాలో, ఏసుస్ ఆర్‌ఓజీ ఫోన్లలో కూడా ఉంది. మీ ఫోన్‌లో పనిచేస్తోందో లేదో ఇలా చూసుకోండి: 60 శాతం దగ్గర ఆన్ చేసి అరగంట ఆడండి. 60 అలాగే ఉండి, వెనక భాగం మునుపటికన్నా చల్లగా ఉంటే ఉన్నట్టే. శాతం ఎక్కుతూ పోతే లేనట్టే.

లేనివాళ్లు సెట్టింగ్స్‌లో 80 శాతం లిమిట్ పెట్టండి. వేడి తగ్గదు, వోల్టేజ్ తగ్గుతుంది, రెండింటిలో ఒకటి పోతుంది. టోర్నమెంట్ రోజు తీసేయండి, కొంప మునగదు. వేడెక్కిందని ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు. లోపల చెమ్మ పట్టి బోర్డు పోయిన ఫోన్లు ఒక్క మే నెలలోనే నాకు నాలుగొచ్చాయి. ఫ్యాన్ కింద పెట్టండి, కేసు తీయండి, అంతే.

మా వాడి మూడో బ్యాటరీకి ఇప్పుడు పద్నాలుగు నెలలు. బైపాస్ లేదు, 80 లిమిట్, అటక మీది ఛార్జర్ కిందికి దించాం. హెల్త్ 93 చూపిస్తోంది. ఆ అంకె ఫోన్ వేసే అంచనా, పూర్తిగా నమ్మను. ఆట మధ్యలో 25 శాతం దగ్గర టక్కున ఆఫ్ అవుతోందా, నలభై నుంచి ఒక్కసారిగా ఇరవైకి దూకుతోందా, అది నమ్ముతాను. వాడిది ఇంకా అవట్లేదు. మా అక్క మాత్రం ఇప్పటికీ బిల్లు అడుగుతూనే ఉంది.

సార్ వాచీ చూపిస్తున్నారు. అయిపోయింది సార్. ఆ మూడో టేబుల్ మీద నల్ల కేసు ఫోన్ ఎవరిది? నువ్వేనా తమ్ముడూ? వైరు తీసేసి ఇలా స్టేజి మీదికి పట్టుకురా, ఇందాక చూసినప్పుడు అది టేబుల్ మీద ఊగింది.