సిండికేట్‌లో మొదట మోసపోయేది ఎవరు?

శ్రోతలకు నమస్కారం. ఈ రోజు కోళ్ల దాణాలో కలిపే ఒక పొడి గురించి మాట్లాడతాను. దాని పేరు లైసిన్. కోళ్ల ఫారాలు నడిపేవాళ్లకు ఇది కొత్త పేరు కాదు. మొక్కజొన్నలో లైసిన్ తక్కువ. అది చాలకపోతే కోడి ఎంత మేసినా కండ పట్టదు. అందుకే టన్ను దాణాకు కొద్ది కిలోలు కలుపుతారు.

1990 వరకు ఈ పొడి ప్రపంచం మొత్తానికీ దాదాపు రెండు దేశాల కంపెనీల నుంచే వచ్చేది. జపాన్‌లో అజినొమోటో, క్యోవా హక్కో. కొరియాలో సేవన్. చేతివేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మందే అమ్మేవాళ్లు కాబట్టి ధర వాళ్లు చెప్పిందే. అమెరికాలో పౌండు ఒక డాలరు దాటి పలికేది.

మరి ఇంత లాభం ఉన్నచోటికి కొత్తవాళ్లు ఎందుకు రాలేదు? 1982లో విలియం బామోల్ అనే అమెరికన్ ఆర్థికవేత్త దీని గురించి ఒక మంచి మాట చెప్పాడు. మార్కెట్లో ఎంతమంది ఉన్నారన్నది కాదు, బయటివాడు ఎంత సులభంగా లోపలికి వచ్చి, ఎంత సులభంగా బయటికి పోగలడన్నది చూడమన్నాడు. మన ఊరి నుంచి టౌనుకు ఒకే ఒక్క షేర్ ఆటో తిరుగుతోందనుకోండి. అతను రేటు పెంచేస్తే పక్క రూట్లో తిరిగే ఆటో రేపే ఇటు వస్తుంది. గిట్టుబాటు కాకపోతే ఎల్లుండి తిరిగి పోతుంది. దానికి నష్టమేమీ లేదు. ఆ భయంతోనే మొదటి ఆటో ఒక్కటే ఉన్నా ఒళ్లు దగ్గర పెట్టుకుంటుంది.

లైసిన్ అలా కాదు. సూక్ష్మజీవులను పెద్ద పెద్ద ట్యాంకుల్లో చక్కెర పాకం మీద పెంచి తీస్తారు. ఆ సూక్ష్మజీవి రకం ఎవరి దగ్గర ఉంటే వాళ్లదే. ఫ్యాక్టరీకి కోట్ల డాలర్లు కావాలి. వ్యాపారం కలిసిరాకపోతే ఆ డబ్బులో ఎక్కువ భాగం వెనక్కి రాదు. లోపలికి పోవడం కష్టం, బయటికి రావడం ఇంకా కష్టం. అసలు అడ్డుగోడ ఈ రెండోదే అని నా అభిప్రాయం.

అయినా ఒకడు దిగాడు. అమెరికాలోని ఆర్చర్ డేనియల్స్ మిడ్‌ల్యాండ్, పొట్టిగా ఏడీఎం. అప్పట్లో ఇల్లినాయ్ రాష్ట్రంలో డెకేటర్ అనే ఊరు వాళ్లది. మొక్కజొన్న నుంచి చక్కెర పాకం తీయడం వాళ్ల పాత వ్యాపారమే, అంటే ముడిసరుకు ఇంట్లోనే ఉంది. 1991లో అక్కడే ప్రపంచంలోకెల్లా పెద్ద లైసిన్ ఫ్యాక్టరీ నడపడం మొదలుపెట్టారు.

పాతవాళ్లు ముందే ధర తగ్గించి కూర్చుంటే ఏడీఎం దిగేది కాదు కదా అని మీరు అడగవచ్చు. కొత్తవాడికి గిట్టనంత తక్కువగా, తమకు మాత్రం కాస్త మిగిలేలా ధర పెట్టడం పాత ఎత్తే. కానీ ఇందులో ఒక చిక్కు ఉంది. కొత్తవాడు ఇవాళ్టి ధర చూసి రాడు, తను దిగాక ఉండబోయే ధర చూసి వస్తాడు. ఇవాళ్టి ధర ఎంతైనా, రేపు దాన్ని పెంచవచ్చు, దించవచ్చు. అందుకే ఉత్త ధరకు బెదిరేవాళ్లు తక్కువ. అవసరానికి మించి కట్టి ఖాళీగా పెట్టుకున్న ట్యాంకులకు మాత్రం ఎవరైనా బెదురుతారు. ఆ ట్యాంకులు అప్పుడు ఏడీఎం దగ్గరే ఉన్నాయి.

ఏడీఎం దిగాక ధర దాదాపు సగానికి పడిపోయింది. దాణా తయారుచేసేవాళ్లకు పండగ. అమ్మేవాళ్లందరికీ నష్టం. దాంతో 1992 జూన్‌లో మెక్సికో సిటీలో కలిశారు. అందరం ఒకే ధరకు అమ్ముదాం, నెమ్మదిగా పెంచుదాం అని మాట ఇచ్చిపుచ్చుకున్నారు. మన దగ్గర టెండర్లలో రింగయ్యారంటామే, అదే. ధర మళ్లీ డాలరు దగ్గరికి చేరింది. 1993 మధ్యకల్లా మళ్లీ జారిపోయింది.

ఎందుకు జారింది? చిన్న లెక్క చెప్తాను, ఇది నేను కల్పించిన లెక్క. తయారీ ఖర్చు పౌండుకు 60 సెంట్లు, ఒప్పుకున్న ధర డాలరు అనుకుందాం. వంద పౌండ్లు అమ్మితే 40 డాలర్లు మిగులుతాయి. నేను గుట్టుగా 95 సెంట్లకే ఇస్తానంటే పక్కవాడి ఖాతాదారులు నా దగ్గరికి వస్తారు. 150 పౌండ్లు అమ్ముతాను, 52 డాలర్ల పైన మిగులుతుంది. మాట మీద నిలబడితే 40, మాట తప్పితే 52. ఇదే లెక్క మిగతావాళ్లూ వేసుకుంటారు. అందరూ తప్పితే ధర 65కు పడుతుంది, వంద పౌండ్లకు మిగిలేది అయిదు డాలర్లు. అందరం నిలబడితే అందరికీ మంచిదే. కానీ మిగతావాళ్లు నిలబడి నేనొక్కణ్ణే తప్పితే నాకు ఇంకా మంచిది.

పైగా దొంగ ఎవరో తేలదు. అమ్మకం తగ్గితే పక్కవాడు ధర కోశాడా, లేక కోళ్ల రైతులే తక్కువ కొన్నారా? బేరం ఇద్దరి మధ్య ఫోన్లో జరుగుతుంది, ఎవరికి తెలుస్తుంది?

అందుకని 1993 అక్టోబరులో కాలిఫోర్నియాలోని అర్వైన్‌లో మళ్లీ కూర్చున్నారు. ఈసారి ధరతో సరిపెట్టుకోలేదు, ఎవరు ఎన్ని టన్నులు అమ్మాలన్నదే అసలు చర్చ. నాకు వాటా పెంచకపోతే సరుకుతో మార్కెట్‌ను ముంచేస్తానని ఏడీఎం బెదిరించింది, ఖాళీ ట్యాంకులు అక్కడ పనికొచ్చాయి. ఆపైన కొరియా కంపెనీలనూ వాటాలకు ఒప్పించారు. ప్రతి కంపెనీ నెలనెలా తన అమ్మకాలు అజినొమోటో మనిషికి చెప్పాలి, అతను పట్టిక వేస్తాడు. ఏడాది చివర వాటాకు మించి అమ్మినవాడు, తక్కువ అమ్మినవాడి దగ్గర ఆ మేరకు కొనాలి. గమనించారా? దొంగిలించినా మిగలకుండా చేశారు. మాట తప్పే కోరికకు ఇంతకంటే పదునైన మందు లేదు.

అయితే వాళ్లలో ఒకడు ఇంకో రకంగా మాట తప్పుతున్నాడు. ఏడీఎం అధికారి మార్క్ విటకర్ 1992 నవంబరు నుంచే అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ కోసం మాటలు రికార్డు చేస్తున్నాడు. కొన్ని సమావేశాలకు రహస్య కెమెరా కూడా ఉంది. 1995 జూన్ 27న సోదాలు జరిగాయి. 1996లో ఏడీఎం పది కోట్ల డాలర్ల జరిమానాకు ఒప్పుకుంది. అందులో ఏడు కోట్లు లైసిన్‌కు, మిగతాది సిట్రిక్ యాసిడ్‌లో చేసిన ఇలాంటి పనికే.

పక్కవాడు మాట మీద నిలబడతాడని నమ్మలేకపోవడమే సిండికేట్ బలహీనత. ఇప్పుడు చట్టాలు ఈ బలహీనత మీదే దెబ్బ కొడుతున్నాయి. మన టార్చిలైట్ బ్యాటరీల సంగతి చూడండి. ఎవరెడీ, పానసోనిక్, నెల్లూరులో ఫ్యాక్టరీ ఉన్న నిప్పో కలిసి ధరలు పెంచుకున్నాయని, వ్యాపారంలో పోటీని కాపాడే కాంపిటీషన్ కమిషన్ 2018లో తేల్చింది. 2016 ఆగస్టులో సోదాలు జరగకముందే పానసోనిక్ అందరికంటే ముందుగా వెళ్లి అంతా చెప్పేసింది. దాని 74 కోట్ల జరిమానా పూర్తిగా మాఫీ. తర్వాత వచ్చిన ఎవరెడీకి 30 శాతమే తగ్గింపు, 171 కోట్లు పడింది. నిప్పోకు 20 శాతం తగ్గించి 42 కోట్లు వేశారు. ఎంత చెప్పారన్నదానితో పాటు ఎవరు ముందు వచ్చారన్నది కూడా లెక్కే.

వ్యాపార సంఘాల్లో ఉన్న శ్రోతలకు ఒక్క మాట. "సోమవారం నుంచి అందరం ఇదే రేటుకు అమ్మాలి" అని మీ సంఘం వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వస్తే, సరే అని బొటనవేలు పెట్టకండి. ఆ రేటుకు మీరు అమ్మినా, అమ్మకపోయినా, ఆ ఒప్పుకోలే మీ మీద సాక్ష్యం కావచ్చు. మీకు సమ్మతం కాదని అక్కడే రాతపూర్వకంగా చెప్పి, ఆ గ్రూపులోంచి బయటికి వచ్చేయండి. మీ రేటు మీ ఖర్చును బట్టి మీరే వేసుకోండి, ఎలా వేశారో ఆ లెక్క కాగితం మీద ఉంచుకోండి. నమస్కారం.